గేటు పాసు మీద ఒక పేరు, లెటర్‌హెడ్ మీద ఇంకో పేరు

మా మేనల్లుడు విశాఖలో ఒక వర్క్‌షాపులో మెకానికల్ సూపర్‌వైజరు. ఈమధ్య ఒక రాత్రి ఫోన్ చేశాడు. "మావయ్యా, మీ ఊళ్లోనే ఉద్యోగం వచ్చింది. స్టీలు ప్లాంటులో. నెలకి నలభై వేలు. రేపు ఇక్కడ రాజీనామా పడేస్తున్నా" అన్నాడు. రాజీనామా సంగతి ఒక్క రోజు ఆపి, ముందు ఆ కాగితం పంపమన్నాను. వాట్సాప్‌లో రెండు పేజీలు వచ్చాయి. పైన లెటర్‌హెడ్ మీద ఉన్న పేరు ఏ స్టీలు ప్లాంటుదీ కాదు. మెయింటెనెన్స్ పనులు చేసే ఒక కాంట్రాక్టు సంస్థది.

నేను జగదల్‌పూర్‌లో ఉంటాను. ఇలాంటి సంస్థల పర్సనల్ విభాగాల్లోనే చాలా ఏళ్లు పనిచేశాను. అంటే ఈ కాగితాలు అందుకున్నవాణ్ణే కాదు, టైపు చేసి ఇచ్చినవాణ్ణి కూడా. ఆఫర్ లెటరుకీ అపాయింట్‌మెంట్ లెటరుకీ తేడా ఏమిటని ఎవరడిగినా, ఆ తేడా కంటే ముందు ఆ కాగితం ఎవరిచ్చారో చూడమంటాను. బస్తరులో ఆ ప్రశ్నకు జవాబు పైకి కనిపించినంత తేలిక కాదు.

జగదల్‌పూర్‌కి దగ్గర్లోనే నగర్‌నార్ ఉక్కు కర్మాగారం ఉంది. ఏడాదికి 30 లక్షల టన్నుల సామర్థ్యం. కట్టింది ఎన్ఎండీసీ. బైలాడీలా కొండల్లో, కిరండూల్, బచేలి గనుల్లో ఇనుప ఖనిజం తవ్వే ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదు మాసాబ్‌ట్యాంకులోనే ఉంది. అందుకే తెలుగువాళ్లకి ఇది పరాయి కంపెనీలా అనిపించదు. పైగా కొత్తవలస నుంచి కిరండూల్ వరకు రైలు లైను ఉండనే ఉంది. అయితే 2022లో నగర్‌నార్ ప్లాంటును ఎన్ఎండీసీ నుంచి విడదీసి ఎన్ఎండీసీ స్టీల్ అనే వేరే కంపెనీ కింద పెట్టారు. 2023 ఫిబ్రవరిలో దాని షేర్లు విడిగా లిస్టయ్యాయి, ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది. ఎన్ఎండీసీ అన్నా ఎన్ఎండీసీ స్టీల్ అన్నా బయటివాళ్లకి ఒకటే. కాగితం దృష్టిలో అవి రెండు వేర్వేరు యజమానులు. వాటి కింద పనులు తీసుకునే కాంట్రాక్టర్లు మరో వరస. వాళ్ల దగ్గర మళ్లీ సబ్ కాంట్రాక్టర్లు.

లోపలికి వెళ్లేటప్పుడు మెడలో వేసుకునే గేటు పాసు మీద ప్లాంటు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. కాంట్రాక్టరు పేరు కింద చిన్నగా ఉంటుంది. ఆ పెద్ద పేరు చూసే ఇంట్లోవాళ్లు సంబంధాలు చూస్తారు, బ్యాంకువాడు లోను ఆశ పెడతాడు. ఎక్కువ ఏళ్లు పనిచేస్తే ప్లాంటు వాళ్లే పర్మనెంటు చేస్తారని చెప్పేవాళ్లూ ఉన్నారు. సుప్రీంకోర్టు 2001లో స్టీల్ అథారిటీ కేసులో ఇది తేల్చేసింది. కాంట్రాక్టు పద్ధతిని నిషేధిస్తూ ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చినా సరే, ఆ కార్మికులు దానంతటదే ప్రధాన సంస్థ ఉద్యోగులైపోరు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించాల్సిన బాధ్యత ప్రధాన యజమాని మీద ఉంటుంది. కాబట్టి లెటర్‌హెడ్ మీది పేరు, కింద సంతకం చేసినవాడి సంస్థ పేరు, రేపు జీతం వేసే ఖాతా పేరు, పీఎఫ్ జమచేసే సంస్థ పేరు, ఈ నాలుగూ ఒకటేనా అని చూసుకోవాలి. మావాడి కాగితంలో మొదటి రెండూ కలిశాయి. మిగతావి అందులో లేవు, అడిగి తెప్పించుకున్నాం.

సరే, ఇప్పుడు అసలు తేడా. ఆఫర్ లెటరు అంటే సంస్థ పెట్టే ప్రతిపాదన. ఫలానా పని, ఫలానా జీతం, ఫలానా షరతులు, ఒప్పుకుంటే ఫలానా తేదీలోగా చెప్పు అంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం లెక్కలో మనం ఒప్పుకునేదాకా దాన్ని వెనక్కి తీసుకునే వీలు వాళ్లకుంది. గడువు దాటితే దానంతటదే చెల్లిపోతుంది. ఒప్పుకోవడంలోనూ ఒక మెలిక ఉంది. ఆ చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం బేషరతుగా ఉండాలి. "ఒప్పుకుంటున్నాను, కానీ పదిహేను రోజులు ఆలస్యంగా చేరతాను" అని మెయిల్ పెడితే, చట్టం కంటికి అది అంగీకారం కాదు. మన వైపు నుంచి వెళ్లిన కొత్త ప్రతిపాదన. వాళ్లు దానికి సరే అని రాసేవరకు చేతిలో ఏమీ లేనట్టే. చాలామంది అలా రాసి, జవాబు రాకపోయినా ఖాయమైందనుకుని పెట్టె సర్దుకుంటారు.

అపాయింట్‌మెంట్ లెటరు ఆ తర్వాతది. చేరిన రోజున గానీ, సర్టిఫికెట్లు చూసుకున్నాక గానీ ఇస్తారు. దీంతో ఉద్యోగిగా మన స్థానం ఖరారవుతుంది. చేరిన తేదీ, హోదా, వేతనం, ప్రొబేషన్, నోటీసు, బదిలీ, సెలవులు, క్రమశిక్షణ అన్నీ ఇందులోనే ఉంటాయి. ఆఫర్ రెండు పేజీలైతే ఇది ఏడెనిమిది పేజీలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్లలో ఒకటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితులకు సంబంధించినది. దాని ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం యజమాని విధి. ఆఫర్ లెటరు ఇవ్వాలని మాత్రం అందులో ఎక్కడా లేదు. "ఆఫర్ ఇచ్చాంగా, మళ్లీ ఇదెందుకు" అనే కాంట్రాక్టరుకు చూపించాల్సిన మాట ఇది. నేను పనిచేసిన రోజుల్లో ఒక సంస్థలో మూడొందల మందికి గాను నియామక పత్రాలు నలభై మందికి కూడా ఇవ్వలేదు. ప్రమాదం జరిగిన రోజున గాయపడినవాడు మా మనిషేనా కాదా అన్న దగ్గరే వాదన మొదలైంది. హాజరు పట్టీలో పేరుంది కాబట్టి ఆ కుటుంబం బయటపడింది.

ఇక మావాడి నలభై వేల సంగతి. కాగితంలో ఉన్నది సీటీసీ 4,80,000. దాన్ని పన్నెండుతో భాగించి అమ్మానాన్నలకు చెప్పేశాడు. అనుబంధంలో ఇచ్చిన పట్టిక దగ్గర పెట్టుకుని ఇద్దరం ఫోన్లోనే లెక్క కట్టాం. బేసిక్ నెలకు 20,000, ఇంటద్దె భత్యం 8,000. సంస్థ కట్టే పీఎఫ్ 1,800. ఇది 15,000 పరిమితి మీద 12 శాతం. గ్రాట్యుటీ అని బేసిక్ మీద 4.81 శాతం చొప్పున ఏడాదికి 11,544. పనితీరు బోనస్ ఏడాదికి 48,000. గ్రూపు ఇన్సూరెన్సు ప్రీమియం 6,000. ఇవన్నీ పోగా మిగిలిన మొత్తానికి సైట్ అలవెన్సు అని పేరు పెట్టారు, నెలకు 4,738.

ఇందులో నెలనెలా చేతికి వచ్చేవి మూడే, బేసిక్, ఇంటద్దె, సైట్ అలవెన్సు. మొత్తం 32,738. అందులోంచి మనవంతు పీఎఫ్ 1,800 తీస్తే 30,938. అనుకున్న నలభైకి తొమ్మిది వేలు తక్కువ. మోసం కాదిది. సంస్థకు అతని మీద అయ్యే ఖర్చు నిజంగానే 4,80,000. కానీ గ్రాట్యుటీ సొమ్ము పర్మనెంటు ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు నిండితే తప్ప చేతికి రాదు. బోనస్ "సంస్థ విచక్షణ మేరకు" అని ఉంటే అది వచ్చినప్పుడే వచ్చినట్టు. ఇంకో సంగతి ఆ పట్టికలో లేదు. క్వార్టర్సులో మంచానికి, మెస్సుకు ఎంత కోస్తారన్నది. బస్తరు సైట్లలో ఇది చిన్న మొత్తం కాదు. మావాడు అడిగితే నెలకు 3,500 అన్నారు. చేతికి వచ్చేది ఇరవై ఏడు వేల చిల్లరకు దిగింది. విశాఖలో ఇంట్లోనే తిని, ఇంట్లోనే పడుకుని పాతిక వేలు తెచ్చుకుంటున్నాడు. "అయితే వద్దా మావయ్యా?" అన్నాడు. వద్దని నేననలేదు. నలభైకి కాదు, ఇరవై ఏడుకి ఒప్పుకుంటున్నావని తెలిసి ఒప్పుకో అన్నాను.

బేసిక్ ఎంతో గట్టిగా చూడమనడానికి మరో కారణం ఉంది. కొత్త వేతన కోడ్ ప్రకారం భత్యాలు కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. గ్రాట్యుటీ లాంటివి ఆ వేతనం మీదే లెక్కకట్టాలి. మావాడికి నెలకు 20,000 బేసిక్, మొత్తం 40,000, అంటే సరిగ్గా సగం. ఎవరో లెక్క తెలిసినవాళ్లే చేసిన పట్టిక. బేసిక్ ఎనిమిది వేలే చూపించి మిగతాదంతా రకరకాల అలవెన్సుల కింద పంచిన ఆఫర్లు ఇప్పటికీ వస్తున్నాయి. అలాంటివి పాత నమూనాలో టైపు చేసినవని చూడగానే తెలిసిపోతుంది.

జీతం తర్వాత ఆఫర్‌లో వెతకాల్సింది "లోబడి" అన్న మాట. వైద్య పరీక్షకు లోబడి, సర్టిఫికెట్ల పరిశీలనకు లోబడి, పాత సంస్థ రిలీవింగ్ లెటరుకు లోబడి, క్లయింటు ఆమోదానికి లోబడి. మొదటి మూడూ మన చేతిలో ఉన్నవో, మనం ముందే ఊహించగలిగినవో. చివరిది మాత్రం పూర్తిగా అవతలివాళ్ల చేతిలో ఉంది. కాంట్రాక్టు సంస్థకు ప్లాంటు నుంచి వర్క్ ఆర్డరు ఇంకా రాలేదు, వస్తే మనుషులు సిద్ధంగా ఉండాలి కాబట్టి ముందే ఆఫర్లు పంచిపెడతారు. నేనూ పంచాను. ఆర్డరు రాలేదు. అప్పటికే ఇద్దరు కుర్రాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చి జగదల్‌పూర్ లాడ్జిలో పన్నెండు రోజులున్నారు. నాకు ఆ రోజులు ఇప్పటికీ గుర్తే. క్లయింటు ఆమోదం అన్న షరతు కనిపిస్తే, "ఆమోదం వచ్చిందా, వర్క్ ఆర్డరు ఏ తేదీది" అని మెయిల్లో అడగాలి. ఫోన్లో చెప్పింది ఏదీ మిగలదు.

ఒప్పుకున్న తర్వాత సంస్థ వెనక్కి తగ్గితే? చట్టప్రకారం అది ఒప్పంద ఉల్లంఘన, నష్టపరిహారం అడగొచ్చు. కానీ ప్రైవేటు యజమాని చేత బలవంతంగా ఉద్యోగం ఇప్పించడానికి కోర్టులు సాధారణంగా ముందుకు రావు. నష్టం రుజువు చేయడానికి కావలసింది మళ్లీ కాగితమే. ఆ ఆఫర్‌ను నమ్మి పాత ఉద్యోగం వదిలిన తేదీ, కొనుక్కున్న టికెట్టు, అద్దె ఇంటికి కట్టిన అడ్వాన్సు. అందుకే పాత చోట రాజీనామా ఇవ్వడం అన్నది ఆఫర్ వచ్చిన రోజు చేసే పని కాదు. షరతులు తీరాక, మన అంగీకారానికి వాళ్ల ధ్రువీకరణ వచ్చాక చేసే పని. పాతవాళ్ల నోటీసు గడువు, కొత్తవాళ్ల చేరిక తేదీ కుదరకపోతే తేదీ మార్చిన ఆఫర్ మళ్లీ జారీ చేయమని అడగాలి. మంచి సంస్థలు దీనికి విసుక్కోవు.

ప్రభుత్వ రంగ సంస్థల తీరు కొంచెం వేరు. అక్కడ వచ్చేదానికి పేరే ఆఫర్ ఆఫ్ అపాయింట్‌మెంట్. చూడ్డానికి నియామక ఉత్తర్వులాగే ఉంటుంది, తాత్కాలికం అని ఎక్కడో ఒక వాక్యం. ఎంపిక జాబితాలో పేరుంటే చాలు ఉద్యోగం హక్కయిపోతుందని మనవాళ్ల నమ్మకం. శంకర్‌సన్ దాస్ కేసులో 1991లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అది సరికాదంది. అయితే కారణం లేకుండా ఇష్టానుసారం ఖాళీలు నింపకుండా వదిలేయడమూ కుదరదంది. హైకోర్టుకు వెళ్లే దారి ఇక్కడ ఉంది, ప్రైవేటులో అది లేదు.

ఈ ఆఫర్‌తో పాటు అటెస్టేషన్ ఫారం అని ఒకటి వస్తుంది. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు ఉందా, ఉంటే ఏమైంది అని అడుగుతుంది. కేసు కొట్టేశారు కదా, ఇంక రాయడమెందుకని లేదు అని టిక్కు పెట్టేవాళ్లే ఎక్కువ. కాలేజీ ధర్నాలో పేరెక్కిన చిన్న కేసయినా సరే, రాయాలి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఉన్నది ఉన్నట్టు చెబితే యజమాని ఆ కేసు తీవ్రత చూసి నిర్ణయం తీసుకోవాలి. చిన్నదైతే దాచిన తప్పును కూడా మన్నించవచ్చు. కానీ దాచడం అన్నదే నియామకం రద్దుకు దారితీసే కారణం కావచ్చు. కేసు వల్ల పోని ఉద్యోగం దాన్ని దాచడం వల్ల పోతుంది.

కుల ధ్రువీకరణ దగ్గర ఇటు వచ్చే తెలుగువాళ్లు ప్రత్యేకంగా తడబడతారు. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు ఛత్తీస్‌గఢ్‌కు వలస వస్తే, ఆ హోదా ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వెంట రాదు. అదే కులం పేరు ఇక్కడి జాబితాలో ఉన్నా అంతే. దీనికి మూలమైన 1990 నాటి తీర్పు మర్రి చంద్రశేఖరరావు అనే తెలుగు విద్యార్థి బొంబాయిలో మెడికల్ సీటు కోసం వేసిన కేసులోదే. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ అఖిల భారత స్థాయిలో తీసుకునే పోస్టుకు మాత్రం సొంత రాష్ట్రంలోని అధికారి ఇచ్చిన సర్టిఫికెట్టు, కేంద్రం నమూనాలో ఉన్నది కావాలి. ఆఫర్ చేతికొచ్చాక, ఇచ్చిన గడువులో జగదల్‌పూర్ నుంచి మళ్లీ సొంత మండలానికి పరిగెత్తడం ఎంత కష్టమో చూశాను. నోటిఫికేషన్ నాడే తెచ్చుకోవాల్సిన కాగితం అది.

మావాడు చివరికి ఒప్పుకున్నాడు. పాతచోట నెల నోటీసు పూర్తిచేసుకుని కిరండూల్ రైలెక్కి వచ్చాడు. చేరిన రోజు మధ్యాహ్నం ఏడు పేజీల అపాయింట్‌మెంట్ లెటరు ముందు పెట్టి, ప్రతి పేజీ మీదా సంతకం చేయమన్నారట. వెనక లైన్లో ఇంకా పదిమంది. రాత్రికి చదువుకుని రేపు తెస్తానని చెప్పి ఇంటికి తెచ్చాడు. ఆ ఒక్క మాట అనడానికి వాడికి చాలా ధైర్యం కావలసి వచ్చిందని నాకు తెలుసు.

మొదట చివరి పేజీ తీశాను. అక్కడ ఉండే ఒక వాక్యం కోసం. ఉంది. ఇంతకుముందు రాతపూర్వకంగా గానీ నోటిమాటగా గానీ జరిగిన ఒప్పందాలన్నిటి స్థానంలో ఈ పత్రమే చెల్లుతుంది అని. దానర్థం, ఆఫర్‌లో ఉండి ఇందులో లేనిది ఏదైనా సంతకంతో పోతుంది. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి వరసగా చదవాలి. చదివితే మూడు తేడాలు దొరికాయి. ఆఫర్‌లో పనిచేసే చోటు జగదల్‌పూర్. ఇందులో "భారతదేశంలో సంస్థకు పని ఉన్న ఏ సైటుకైనా". ఆఫర్‌లో నోటీసు ప్రస్తావనే లేదు. ఇందులో ఉద్యోగి మూడు నెలలు, సంస్థ ఒక నెల. ఆఫర్‌లో శాశ్వత ఉద్యోగం అనిపించేలా రాశారు. ఇందులో ప్రొబేషన్ ఆరు నెలలు, "లిఖితపూర్వకంగా ధ్రువీకరించేవరకు కొనసాగుతుంది". ఈ చివరి మాట ఉంటే ఆరు నెలలు నిండినంత మాత్రాన పర్మనెంటు కారు. ఏడో నెల మొదట్లోనే ధ్రువీకరణ లెటరు అడిగి తీసుకోవాలి.

ఇంతకీ ఇది కాలపరిమితి ఉద్యోగమా, మామూలు ఉద్యోగమా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. "వర్క్ ఆర్డరు అమల్లో ఉన్నంతవరకు" అన్న మాట ఉంటే అది కాలపరిమితిది కావచ్చు. కొత్త సామాజిక భద్రత కోడ్ కింద అలాంటివాళ్లకు గ్రాట్యుటీకి అయిదేళ్లు అక్కర్లేదు, ఏడాది చాలు. సంస్థలు ఈ సంగతి తమంతట తాము చెప్పవు.

బాండు సంగతి కూడా చూశాను. మావాడి పత్రంలో లేదు, కానీ చాలావాటిలో ఉంటుంది. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలు చెల్లవంటుంది కాబట్టి బాండులన్నీ ఉత్తుత్తివే అని ధైర్యం చెప్పేవాళ్లు ఉన్నారు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఆ ధైర్యం చెప్పకూడదు. 2007లో చేరిన ఒక అధికారి మూడేళ్లు నిండకముందే 2009లో రాజీనామా చేశాడు, పత్రంలో ఉన్నట్టుగా రెండు లక్షలు కట్టి, ఆ షరతే చెల్లదని కోర్టుకెళ్లాడు. హైకోర్టులో గెలిచాడు, సుప్రీంకోర్టులో బ్యాంకు గెలిచింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన షరతు వృత్తికి అడ్డు కాదని, బహిరంగ ప్రకటన ఇచ్చి మళ్లీ నియామకం జరపాల్సిన బ్యాంకుకు ఆ మొత్తం మితిమీరినది కాదని చెప్పింది. పెద్ద హోదా, పెద్ద జీతం ఉన్న ఉద్యోగి అన్నదీ లెక్కలోకి తీసుకుంది. ఆ తర్కం ఇరవై ఏడు వేల జీతం మీద అయిదు లక్షల బాండు రాయించుకున్న కాంట్రాక్టరుకు అలాగే వర్తిస్తుందని నేననుకోను. నష్టపరిహారం సమంజసంగా ఉండాలన్న 74వ సెక్షన్ అలాగే ఉంది. కానీ ఆ వాదన కోర్టులో చేయాలి, ఏళ్లు పడుతుంది. అంకె ఎంతో, శిక్షణ ఏమిచ్చారో చూసి సంతకం చేయడం దానికంటే సులువు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తామంటే, అది కాగితం మీద రాయని బాండు.

మర్నాడు మావాడు మూడు తేడాలూ నాలుగు వరుసల మెయిల్లో రాసి పంపాడు. హెచ్ఆర్ వాళ్లు పిలిచారు. బదిలీ షరతు మార్చలేమన్నారు, అది అందరికీ ఒకటేనట. నోటీసు రెండువైపులా నెలకు తగ్గించారు. పెన్నుతో కొట్టి, పక్కన సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. ప్రొబేషన్ వాక్యం అలాగే ఉండిపోయింది.

"ఆరు నెలలు నిండే తేదీ ఫోన్లో రాసి పెట్టుకున్నావా?" అని అడిగాను.

"పెట్టుకున్నా మావయ్యా, వారం ముందే మోగేట్టు" అన్నాడు. మెడలో కొత్త గేటు పాసు ఉంది. దాని మీద ప్లాంటు పేరు పెద్దగా, వాళ్ల సంస్థ పేరు చిన్నగా. ఫోటో దిగి వాళ్లమ్మకు పంపుతూ, ఆ చిన్న పేరు మీద వేలుపెట్టి చూపించాడు.